పాస్‌వర్డ్ అడగని మనిషి

పదకొండింటికి పెళ్లి. పది ముప్పావైనా జీవమణి గారి మంచం ఎదుట టీవీలో గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంది. పాట ఒక ముక్క వినిపించడం, బొమ్మ ఆగిపోవడం, మళ్లీ చక్రం.

ఆమెకు తుంటి ఎముక విరిగి, ప్లేటు వేసి మూడు వారాలైంది. అమీర్‌పేటలోని ఆ నాలుగో అంతస్తు నుంచి కిందికి దించవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మనవడు ఫ్రెడ్డీ పెళ్లి పంజాగుట్ట చర్చిలో. చర్చివాళ్లు ప్రత్యక్ష ప్రసారం ఇస్తున్నారు. ఫోన్లో చూద్దామంటే కంటి శుక్లాల వల్ల ఆమెకు మనుషులు చీమల్లా కనిపిస్తారు. తల్లికి తోడుగా ఉండిపోయిన కూతురు ఇవాంజెలిన్ మేనల్లుడి పెళ్లికి కొన్న కొత్త పట్టుచీరను బీరువాలోనే ఉంచేసి, పొద్దుటి నుంచి ఇంటర్నెట్ ఆఫీసుకు ఫోన్లు చేసింది. చివరికి టెక్నీషియన్ రాజనర్సయ్య వచ్చాడు.

వస్తూనే టీవీ పక్కన నిలబడి తన ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టాడు. ముల్లు పైకి లేచింది.

"ఎనభై ఆరు. చూడుర్రి మేడం, లైన్ మస్తుగుంది. మీ టీవీనే ఖరాబు."

"పోయిన నెలా ఇదే చెప్పావు. అంతకు ముందు నెలా ఇదే చెప్పావు. కొన్న ఆర్నెల్లకే టీవీ ఎలా పాడవుతుందయ్యా?"

"నన్నేం చేయమంటరు? నంబర్ అబద్ధమాడ్తదా?"

"నంబరు ఆడదు. చూపించే మనిషి ఆడతాడు."

రాజనర్సయ్య మొహం ఎర్రబడింది. "జర మంచిగ మాట్లాడుర్రి. మీ నౌకరును గాను నేను."

"నౌకరైతే ఎప్పుడో మాన్పించేదాన్ని."

అతను బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. మంచం మీద నుంచి జీవమణి గారు మెల్లిగా అన్నారు: "నాయనా, మా వైఫై పాస్‌వర్డ్ నువ్వు అడగనేలేదే. మా పిల్లలు ఎవరొచ్చినా ముందు అదే అడుగుతారు."

రాజనర్సయ్య ఫోన్ వంక చూసుకున్నాడు. పైన వైఫై గుర్తు లేదు. ఇంతసేపూ అది కొలిచింది అతని సొంత సిమ్ వేగాన్ని.

ఇవాంజెలిన్ నవ్వింది. ఆ నవ్వు తిట్టుకంటే గట్టిగా తగిలింది. "మూడు నెలలుగా నీ సిమ్ ఎంత బాగుందో చూపించి పోతున్నావన్నమాట!"

అతను ఆమెతో పాస్‌వర్డ్ కొట్టించుకుని హాల్లో రౌటర్ పక్కకు వెళ్లాడు. తొంభై. తిరిగి టీవీ దగ్గరికి వచ్చాడు. మూడు. మళ్లీ పెట్టాడు. రెండున్నర.

"లైన్ తప్పు గాదు," అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. "హాల్ దాకా మంచిగొస్తుంది. గీ రూముకు నడిమిట్ల రెండు గోడలున్నయ్. చుట్టూ హాస్టళ్లు, గా వైఫైలన్నీ దీనితోని గుద్దుకుంటున్నయ్. రౌటర్ నుంచి టీవీకి వైర్ గుంజితే అయిపోతది. పదిహేను మీటర్లు గావాలె. నా బ్యాగుల లేదు, ఆఫీసుకు పోయి తేవాలె."

"తెచ్చేలోపు పెళ్లయిపోతుంది. మొదటిసారే ఈ మాట చెప్పి ఉంటే?"

టీవీలో పెళ్లికూతురు చర్చి గుమ్మంలో ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయింది. చక్రం.

"పోనీలేవే," అన్నారు జీవమణి గారు. "ఫోటోలు చూస్తాలే."

"ఏం ఫోటోలమ్మా! వాణ్ని ఎత్తుకుని పెంచింది నువ్వు!" అంది ఇవాంజెలిన్. ఇంట్లో వైఫై ఉంది కదా అని ఆమె తన సిమ్‌లో నెట్ ప్యాక్ వేయించుకోలేదు. ఆ ఫోన్ వల్ల ఇప్పుడు ఉపయోగం లేదు.

రాజనర్సయ్య గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి వచ్చి ఫోన్లో హాట్‌స్పాట్ వేసి, టీవీ రిమోట్ అందుకుని కనెక్షన్ మార్చాడు. ఫోన్‌ని టీవీ బల్ల మీద పెట్టాడు. పెళ్లికూతురు రెండో కాలు లోపల పెట్టింది.

"నా నెట్ తోని చూడుర్రి," అన్నాడు ముభావంగా.

ఫోన్ తెర వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఇంకా నలుగురు కస్టమర్లు అతని కోసం ఎదురుచూస్తున్నారు. అతను ఆ కాల్స్ ఎత్తలేదు. దాన్ని వదిలి కదలడానికి లేదు, తీసుకుపోవడానికీ లేదు. ఇవాంజెలిన్ కుర్చీ చూపించలేదు. జీవమణి గారే మంచం చివర చోటు చూపిస్తే, "బట్టలు మురికిగున్నయ్ అమ్మా," అని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ప్రమాణాలు ఒక్క అక్షరం పోకుండా వినిపించాయి. ఉంగరం ఫ్రెడ్డీ వేలి కణుపు దగ్గర ఇరుక్కుంది. పెళ్లికూతురు తోస్తోంది, పాస్టరు గారు నవ్వు ఆపుకుంటున్నారు.

"వాళ్ల తాత వేళ్లే," అని జీవమణి గారు పకపకా నవ్వారు. ఆపరేషన్ తర్వాత ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే తుంటి పట్టేసి మూలిగారు, మూలుగుతూనే మళ్లీ నవ్వారు.

ఇవాంజెలిన్ వంటింట్లోకి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఒకటి తల్లికి తాగించింది. రెండోది అతని వంక చూడకుండానే, కిటికీ గట్టు మీద చప్పుడయ్యేలా పెట్టింది.

"సాయంత్రానికల్లా వైరు రావాలి. రాకపోతే మీ ఆఫీసుకు నేనే వస్తాను."

"వస్తది," అన్నాడు రాజనర్సయ్య. గ్లాసు అందుకుని, టీవీకి అడ్డం రాకుండా పక్కకు జరిగాడు.