మూడు అంగళ్ల షరతు

ఆలేరు రైలుపట్టాల గ్యాంగులో గాలయ్యది పర్మనెంటు కొలువు. అట్లాంటి కొలువు వదిలేసి అంబలి అమ్ముతానన్నాడంటే ఇంకేముంది, ఎండదెబ్బ తగిలిందనే అనుకున్నారు వాడకట్టు జనం. నిజానికి తప్పు ఎండదే. వారానికోసారి సంత జరిగే అంగడి నాడు తనకు సెలవు కదా అని ఆ వేసవిలో మజ్జిగ కలిపిన జొన్న అంబలి ఒక కుండెడు పెట్టుకుని కూర్చుంటే, పొద్దు నెత్తిమీదికి రాకముందే కుండ ఖాళీ అయిపోయేది.

భార్య అండాలు కోప్పడనూ లేదు, మురిసిపోనూ లేదు.

"ఎండల సల్లటిది ఎవలైనా తాగుతరు. వానలల్ల సూద్దాం. దసరా దాక కొలువు ఇడువకు. వరుసగా మూడు అంగళ్లు సగం కుండ ఇంటికి మర్లొస్తే గీ ముచ్చట బంద్. గట్ల రాకపోతే దసరా ఎల్లంగనే కొలువు ఇడువు, నేనూ నీ ఎంబడి కూసుంట."

"సరే," అన్నాడు గాలయ్య. సరే అనడానికి ఏం పోయింది?

వానలు పడ్డాయి. జనమంతా చాయ్ బండి చుట్టూ మూగారు. ఒక అంగడి నాడు సగం కుండ మిగిలింది. పై అంగడికి ఇంకా ఎక్కువే మిగిలింది. మూడోసారీ సగానికి పైనే మిగిలింది. గ్యాంగు మేస్త్రి కేకలు లేని బతుకు చేతికందినట్టే అంది పోతుంటే ప్రాణం ఒప్పుకోలేదు. ఇంటికొచ్చే దారిలో కాపరి బీరన్న మేకల దొడ్డి కనిపించింది. మిగిలిన అంబలంతా వాటి తొట్టిలో పోసేశాడు. ఖాళీ కుండ చూసి అండాలు పైసల లెక్క కూడా అడగకుండా ఎంత సంబరపడిందో! ఆ సంబరం చూశాక నిజం నోట్లోంచి రాలేదు. ఆ తర్వాత ప్రతి అంగడికీ అదే పని చేశాడు.

దసరా వెళ్లింది. రేపొచ్చి ఒక మాట చెప్తానని మేస్త్రితో అన్నాడు. తెల్లారి బయలుదేరుతుంటే బీరన్న వాకిట్లో నిలబడ్డాడు, వెనక మేకలు.

"అక్కా, పండుగని గాలన్న మొన్న అంగడికి పోలేదా? గివి మొన్నటిసంది తొట్టి కాడికే ఉరుకుతున్నయ్, మేత ముడ్తలెవ్వు. వానకాలమంత గాయన పోసిన అంబలికి మరిగినయ్."

గాలయ్య తల దించుకున్నాడు. అండాలు మేకలను చూసింది, మొగుణ్ణి చూసింది, గడప మీద కూలబడి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"కొలువు పోయినంక గీ మేకలు మనకు బువ్వ పెడ్తయా?"

"పెట్టయ్," అన్నాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆమె నవ్వు చూసి తనకూ నవ్వొచ్చింది.

"అంబలి ఎండకాలంల, సెలవు నాడు అమ్ముకో. వానలల్ల శనగలు ఉడకబెట్టి గుడాలు అమ్మి సూద్దాం. గదే షరతు. కని మిగిలింది ఇంటికి నేను మోసుకొస్త."

గాలయ్య పట్టాల మీదికి పోయేసరికి మేస్త్రి ఎదురొచ్చాడు.

"ఏందో చెప్త అంటివి?"

"ఏం లేదు," అన్నాడు గాలయ్య. "నా సుత్తె యాడుంది?"