పదిహేను చాలు నాన్నా

కంటి ఆపరేషను అయిన మర్నాడు సైదావలి కూతురి ఇంట్లో సోఫా మీద కూర్చుని, టీవీ పక్కన చెక్క పలక మీద పిన్నులు గుచ్చి పెట్టిన కాగితాన్ని చదువుకున్నాడు. పాత క్యాలెండరు వెనకవైపు, నల్ల స్కెచ్ పెన్నుతో, ఒక్కో అక్షరం అగ్గిపెట్టంత. కన్ను కొత్తది కదా, ఇబ్బంది పడకూడదని అఫ్సా అలా రాసింది.

‘ఒకటి. గోడ మీద రెండు స్విచ్చులూ వెయ్యి. రెండు. చిన్న రిమోటు టీవీది, ఎర్ర బటను ఒక్కసారి నొక్కు. మూడు. పెద్ద రిమోటు బాక్సుది, దాని ఎర్ర బటను కూడా ఒక్కసారి. బొమ్మ వచ్చేదాకా ఆగు, మళ్ళీ మళ్ళీ నొక్కకు. నాలుగు. పెద్ద రిమోటు మీద ఇల్లు బొమ్మ నొక్కితే యాప్‌లు వస్తాయి. ఐదు. బాణాలతో జరుపుకుంటూ ఎర్రగా ఉన్న యూట్యూబ్ మీదికి వెళ్ళి మధ్యలో గుండ్రటి బటను నొక్కు. నీ మిషన్ల వీడియోలు పై వరుసలోనే ఉన్నాయి. ఆరు. వెనక్కి రావాలంటే వంకర బాణం. ఏడు. సౌండుకి చిన్న రిమోటు. పదిహేను చాలు నాన్నా. ఇరవై దాటితే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు.’

సైదావలి హనుమాన్ జంక్షన్‌లో ముప్ఫై ఏళ్ళుగా కుట్టు మిషన్లు బాగుచేస్తున్నాడు. ఆయన పద్ధతి చుట్టుపక్కల టైలర్లందరికీ తెలుసు. మిషను తెచ్చి బల్ల మీద పెట్టగానే స్క్రూడ్రైవరు అందుకోడు. చక్రం తిప్పమంటాడు, కళ్ళు మూసుకుని వింటాడు, తర్వాత ఫలానాది అరిగిందని చెబుతాడు. విప్పి చూస్తే అదే అరిగి ఉంటుంది. అందుకే కంట్లో శుక్లం వచ్చినప్పుడు కూడా ఆయన పెద్దగా బెంగపడలేదు. చెవులున్నాయి కదా అనుకున్నాడు.

అఫ్సా కాలేజీ ల్యాబులో పనికి, అల్లుడు జాహిద్ గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపుకి వెళ్ళిపోయాక, వన్ టౌన్‌లోని ఆ రెండు గదుల వాటాలో ఆయన ఒక్కడే మిగిలాడు. కాగితం చూసుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కాడు. ఐదో మెట్టు మీద యూట్యూబ్ తెరుచుకోవడమే తడవు, ఏదో సబ్బు ప్రకటన ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. చేతిలో ఉన్నది పెద్ద రిమోటు. దాని మీద తగ్గించే గుర్తు కనిపిస్తే దాన్నే పట్టుకుని అదిమాడు. తెర మీద ఒక గీత కురచై కురచై చివరికి చేరింది, ఇల్లు సద్దుమణిగింది. అప్పుడు గుర్తొచ్చింది, సౌండుకి చిన్న రిమోటు అని రాసింది కదా అని. తప్పు రిమోటు ముట్టుకున్నందుకు నాలుక కరుచుకుని, అది మొదలు సౌండు కోసం చిన్నదాన్నే వాడాడు. కాగితంలో ఏం రాసి ఉంటే అదే చేసే మనిషి మరి.

మిషన్ల వీడియో పెట్టాడు. ఎవరో కుర్ర మెకానిక్కు మిషను తొక్కుతూ, వేలు చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. చీమ నడిచినంత చప్పుడు. సైదావలి చిన్న రిమోటుతో పదిహేనుకి తెచ్చాడు. అంతే. పదహారు, పద్దెనిమిది, ఇరవై. కుర్రాడి పెదాలు కదులుతున్నాయి, గొణుగుడు తప్ప మాట లేదు. మిషను చప్పుడైతే అసలే లేదు. అఫ్సాకి పదిహేను చాలుట. ఇరవై దాటితే పక్కింటికి వినపడుతుందిట. తనకి ఇరవై పెట్టినా వినపడలేదు.

ఆయన రిమోటు కింద పెట్టి, చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుని, మళ్ళీ విన్నాడు. తేడా లేదు. కన్ను బాగైన మర్నాడే చెవి పోయిందన్నమాట.

సైదావలి అన్నగారు ఉన్నట్టుండి చెవిటివాడు కాలేదు. ముందు రేడియో వినపడడం లేదన్నాడు. ఎదురుగా నిలబడి మాట్లాడితే అంతా బాగానే ఉండేది. ఏడాది తిరిగేసరికి సైగలు చెయ్యాల్సి వచ్చింది. అది గుర్తొచ్చాక ఇంక ఆయనకి ఇంట్లో కనిపించినవన్నీ సాక్ష్యాలే అయ్యాయి. జాహిద్ మెత్తగా మాట్లాడే మనిషి, పెళ్ళినాటి నుంచీ అంతే. ఆ రాత్రి భోజనాల దగ్గర అతని మాట రెండుసార్లు చెప్పించుకుని, అదీ చెవి లోపమే అనుకున్నాడు సైదావలి. పక్కింటి కుక్కరు కూత స్పష్టంగా వినిపించినా, అది చెవిటివాడికి కూడా వినపడుతుందిలే అని కొట్టిపారేశాడు. అనుమానం పట్టిన మనిషికి ఆనవాళ్ళు వెతుక్కోవాల్సిన పని లేదు.

అఫ్సాని అడగొచ్చు. అడగలేదు. అల్లుడింట్లో నాలుగు రోజులు ఉండడమే ఆయనకి మొహమాటం. కన్ను కోసమని వచ్చి, ఇప్పుడు చెవి అంటే, వీళ్ళు మళ్ళీ సెలవులు పెట్టి ఆస్పత్రుల చుట్టూ తిరగాలి. పైగా జాహిద్ ఏమనుకుంటాడు? మామగారు ఒక్కో భాగమూ రిపేరుకి తెచ్చుకుంటున్నాడనుకోడూ? అందుకని సాయంత్రం కూతురు వచ్చి, టీవీ చూశావా నాన్నా, వీడియోలు బాగున్నాయా అని అడిగితే, చాలా బాగున్నాయన్నాడు. బుధవారం అలాగే చెప్పాడు, గురువారమూ అలాగే చెప్పాడు. ఆ మూడు రోజులూ ఆయన చూసింది మూగ బొమ్మలే.

గురువారం రాత్రి నిద్ర పట్టక లెక్క తేల్చుకున్నాడు. చెవి లేని మెకానిక్కు ఎందుకు? అరిగింది ఒకటైతే ఇంకోటి విప్పి, ఆడకూతుళ్ళ మిషన్లు పాడు చేసి, ముప్ఫై ఏళ్ళ పేరు పోగొట్టుకోవడం కంటే మర్యాదగా తప్పుకోవడం నయం. ఆయన కొట్టు పక్కనే అంకమ్మరావు చేనేత చీరల కొట్టు ఉంది. సరుకు పెట్టుకునే చోటు చాలక, మీరు ఎప్పుడైనా మానేస్తే ఈ గది నాకే ఇవ్వాలండీ అని ఏడాదిగా అంటున్నాడు. శుక్రవారం పొద్దున అఫ్సా, జాహిద్ వెళ్ళగానే సైదావలి ఆయనకి ఫోను చేసి, చెవులు మందగించాయి, ఇంక పని చెయ్యను, గది మీరే తీసుకోండి అని చెప్పేశాడు. నిజమేనా అని అంకమ్మరావు రెండుసార్లు అడిగాడు. ఆదివారం వచ్చి తాళంచెవి తీసుకుంటానన్నాడు. ఫోను పెట్టేశాక సైదావలికి ఏడుపొచ్చింది. ఆపరేషనైన కంట్లో నీళ్ళు పడకూడదన్నారని అది కూడా దిగమింగుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కాలేజీలో ఒంటిపూటని అఫ్సా రెండింటికే వచ్చింది. సైదావలి అలవాటుగా వీడియో పెట్టుకుని, పెదాలు చూస్తూ కూర్చున్నాడు. ఆమె చెప్పులు విడిచి, సంచీ కింద పెట్టి, తండ్రి పక్కన నిలబడి ఒక నిమిషం తెర వంక చూసింది.

“అదేంటి నాన్నా, సౌండు లేకుండా చూస్తున్నావు? నాకేం వినపడట్లా.”

సైదావలి ఆమె వైపు తిరిగాడు.

“నీకూ వినపడట్లేదా?”

“గొణుగుతున్నాడు. ఎంత పెట్టావు?” అంటూ చిన్న రిమోటు తీసుకుని నొక్కింది. తెర మీద ఇరవై అని పడింది. ఆమె ముఖం చిట్లించి ముప్ఫై చేసింది, నలభై చేసింది. గొణుగుడు కాస్త పెద్ద గొణుగుడైంది. టీవీ స్పీకరు పోయినట్టుంది, రేపు ఎవరినైనా పిలిపించాలని విసుక్కుంది.

సైదావలి లేచి నిలబడ్డాడు. నాలుగు రోజులుగా కాగితాన్ని నమ్మిన మనిషి అప్పుడు మొదటిసారి మెకానిక్కులా ఆలోచించాడు. నలభై పెడితే చప్పుడు కొంచెమైనా పెరిగింది, అంటే స్పీకరు పని చేస్తోంది. దానికి వచ్చేదే తక్కువ వస్తోంది. కుట్టు మిషనులో దారానికి బిగువు రెండుచోట్ల ఉంటుంది, పైన తిప్పే బుడిపె ఒకటి, కింద దారపు ఉండ పెట్టే బాబిన్ కేసుకి ఒక స్క్రూ. కింది స్క్రూ పాడు చేసుకుని, పైదాన్ని రోజంతా తిప్పినా కుట్టు కుదరదు. టైలర్లకి ఈ మాట ఆయన కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాడు. సబ్బు ప్రకటన గుర్తొచ్చింది. చేతిలో పెద్ద రిమోటు గుర్తొచ్చింది. తెర మీద కురచైన గీత గుర్తొచ్చింది.

“బాక్సుకి వేరే సౌండు ఉంటుందా అమ్మా?”

ఉంటుందంది అఫ్సా. దాన్ని ఎప్పుడూ నిండుగా పెట్టి ఉంచుతామనీ, ఎవరూ ముట్టుకోరు కాబట్టే కాగితంలో రాయలేదనీ చెప్పింది. సైదావలి పెద్ద రిమోటు తీసుకుని పెంచే గుర్తు మీద వేలు పెట్టి అదిమాడు. గీత సాగింది. టీవీ నలభై మీద ఉన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. మరుక్షణం కుర్ర మెకానిక్కు గది అద్దాలు అదిరేలా అరిచాడు. అఫ్సా చెవులు మూసుకుని చిన్న రిమోటు కోసం తడుముకుంది. సైదావలి చెవులు మూసుకోలేదు. ఆ హోరులో నవ్వుతూ నిలబడ్డాడు.

పదిహేనుకి తగ్గాక వీడియోలో మిషను ఆడింది. టకటకల మధ్య ఒక చిన్న కిర్రుమనే చప్పుడు, తిరుగుడుకి ఒకసారి.

“షటిల్ లూజు,” అన్నాడు సైదావలి. తెర మీది కుర్రాడు ఆ మాట చెప్పడానికి ఇంకో నిమిషం పట్టింది.

అప్పుడు కూర్చుని కూతురికి అంతా చెప్పాడు. చెవి పోయిందనుకున్నానన్నాడు, కొట్టు ఇచ్చేశానన్నాడు. అఫ్సా మొదట నవ్వింది. కొట్టు మాట వినగానే నవ్వు ఆగిపోయింది.

“నాలుగు రోజులు, నాన్నా. నన్నొక్క మాట అడగడానికి ఏమైంది నీకు? కాగితాన్ని నమ్మావు గానీ కూతుర్ని అడగలేకపోయావా?”

“అల్లుడింట్లో ఎన్నని చెప్పుకోనమ్మా.”

“ఇది నా ఇల్లు కాదా?” అంది అఫ్సా. ఆమె గొంతు వణికింది. ఆ వణుకు కూడా ఆయనకి స్పష్టంగా వినిపించింది. ఈ అమ్మాయిని ఇన్నేళ్ళు పెంచి, చివరికి పరాయిదానిలా చూశానే అని ఆయనకి సిగ్గేసింది. ఆమె తల మీద చెయ్యి వేసి, ఇంకెప్పుడూ దాచనన్నాడు. ముందు ఫోను చెయ్యి అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి అలవాటు లేదు. ఫోను మోగుతున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు లోలోపల కూర్చుకున్నాడు. అవతల ఎత్తగానే, తప్పు నాదేనండీ, చెవులకేం కాలేదు, టీవీ తిప్పడం తెలియక అలా అనుకున్నాను, గది ఇవ్వలేను, క్షమించండి అని ఒక్క గుక్కలో చెప్పేశాడు.

“బతికించారండీ,” అన్నాడు అంకమ్మరావు. “పొద్దున్నుంచీ కొట్లో చెయ్యి ఆడట్లేదు. చీరలు ఎక్కడైనా పెట్టుకుంటాను గానీ, మీ చప్పుడు లేకుండా ఆ బజార్లో ఎలా కూర్చోను? ఎప్పుడొస్తారు?”

ఆ నాలుగు మాటలూ అంకమ్మరావు ప్రాణం పెట్టి, ఒక్కో అక్షరం విడగొట్టి, వీధి చివరి వరకూ వినపడేలా అరిచాడు. పొద్దున విన్న కబురు ఆయన బుర్రలోంచి ఇంకా దిగలేదు. అఫ్సా మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సైదావలి ఫోను చెవికి జానెడు దూరంలో పట్టుకున్నాడు.

“నెల తిరగ్గానే వస్తానండీ,” అన్నాడు. “మీరు మాత్రం అలా అరవకండి. నాకు బాగానే వినపడుతోంది.”