ఇరవై తొమ్మిదో సాయంత్రం

నాకు ఓపిక తక్కువని మా ఆవిడ జోగమ్మ పెళ్లయిన నాటి నుంచీ అంటూనే ఉంది. క్రేన్ కాబిన్‌లో ఎనిమిది గంటలు కదలకుండా కూర్చునే మనిషికి ఓపిక లేకపోవడమేమిటని నేను వాదించేవాణ్ణి. తొంభై ఏడు మే నెలలో ఆ వాదన నేనే ఓడిపోయాను.

ముస్తకీం, నేనూ భిలాయి ఉక్కు కర్మాగారంలో ఒకే మిల్లులో క్రేన్ ఆపరేటర్లం. వాళ్ల నాన్న మా విజయనగరం వైపు నుంచే భిలాయి వచ్చాడు కాబట్టి అతను మన తెలుగే మాట్లాడతాడు. మొహర్రం పదో రోజున కోహ్కా బస్తీ నుంచి బయలుదేరే తాజియాకి, అదే భుజాల మీద ఊరేగించే హుసేన్ గోరీ నమూనాకి, ముందు ఎడమవైపు భుజం పట్టేది ముప్పై ఏళ్లుగా వాళ్ల నాన్నే. ఆ పెద్దాయన పోయిన శీతాకాలంలో కన్నుమూశాడు. ఈసారి ఆ చోటు కొడుకుది.

సుపేలా బజార్లో కొన్న గోడ క్యాలెండర్‌లో పదిహేడో తేదీ, శనివారం దగ్గర మొహర్రం అని ఉంది. పండగొచ్చినా కొలిమి ఆగదు కదా, ముస్తకీంకి ఆ వారమంతా మధ్యాహ్నం రెండింటికి మొదలయ్యే బి షిఫ్టు. శనివారం నా వారపు సెలవు. అతని డ్యూటీ నేను చేస్తానని ఇద్దరం కాగితం రాసి ఫోర్‌మన్‌కి ఇచ్చేశాం. ఆదివారానికి సెలవు పెట్టాను, ఆ రోజు మాత్రం నన్ను కదపడానికి వీల్లేదు. మా అమ్మాయి సత్యశ్రీ నిశ్చితార్థం, చరోదా రైల్వే కాలనీ సంబంధం. మిగిలిన ఇద్దరు ఆపరేటర్లలో ఒకడు ఊరెళ్లాడు, ఇంకొకడిది రాత్రి షిఫ్టు.

అంతా సర్దుకున్నామనుకుంటే, ఏడో తేదీ బుధవారం ముస్తకీం ఒక మాట అన్నాడు.

"భయ్యా, ఈ సాయంత్రం చాంద్, అదే నెలవంక, కనిపిస్తేనే రేపు మొహర్రం ఒకటో తారీఖు. కనిపించకపోతే ఎల్లుండి. అప్పుడు పదో రోజు ఆదివారం పడతాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "క్యాలెండర్లో అచ్చేసీసినాక మళ్లీ ఈ కనిపించడమేటి?"

"అచ్చేసినోళ్లు లెక్కేసినారు. మేం చూడాల."

ఆ సాయంత్రం అతనితో పాటు నేనూ కోహ్కా మసీదు మిద్దె ఎక్కాను. తేదీ తేలకుండా ఇంటికెళ్తే నిద్ర పట్టేలా లేదు. పైన కమిటీ వాళ్లు, ఇమాం సాహెబ్, దర్జీ గఫూర్, ఇంకో పదిమంది పడమటివైపు నిలబడి ఉన్నారు. మే నెల దుమ్ముతో ఆకాశం అంచంతా ఇటుకపొడి రంగులో ఉంది.

ఊరికే ఉండలేక నా పంచాంగ జ్ఞానం బయటపెట్టాను. "సాహెబ్, అమావాస్య తెల్లవారుజామున రెండుంపావుకే వెళ్లిపోయింది. పాడ్యమి వచ్చేసింది. చంద్రుడు అక్కడే ఉంటాడు."

నేను హిందీలో అన్నదానికి ఆయన హిందీలోనే నెమ్మదిగా జవాబిచ్చారు. "ఉంటాడు. లేడని ఎవరన్నారు? మీరు చెప్పింది అతను పుట్టిన వేళ. ఇప్పటికి పదహారు గంటల వయసు. సూర్యుడి పక్క నుంచి ఇంకా పెద్దగా జరగలేదు, సూర్యుడు దిగిన అరగంట పైచిలుకులో తనూ దిగిపోతాడు. ఆ కాస్తసేపట్లో ఈ వెలుతురులో, ఈ దుమ్ములో కంటికి ఆనాలి. మాకు నెల మొదలయ్యేది కంటితో. ఇవాళ మా నెలకి ఇరవై తొమ్మిదో రోజు. కనబడితే నెల ముగిసింది, లేకపోతే ముప్పై నిండుతాయి. ముప్పై ఒకటి ఎప్పుడూ ఉండదు."

"మరి క్యాలెండర్ తప్పా?"

"తప్పెందుకు? లెక్క లెక్కే. కొందరు చంద్రుడు పుట్టిన వేళ బట్టి వేస్తారు, కొందరు నెలకి ముప్పై, నెలకి ఇరవై తొమ్మిది అని మార్చి మార్చి వేస్తారు, కొందరు అరబ్ దేశపు లెక్క పెట్టుకుంటారు. పడమటి దేశాల్లో పొద్దు ఆలస్యంగా వాలుతుంది, అప్పటికి చంద్రుడు ఇంకాస్త ఎదుగుతాడు. వాళ్లకి కనబడి మనకి కనబడకపోవచ్చు."

మా అమ్మ నెలపొడుపు చూడాలంటే విదియ రోజే మమ్మల్ని వాకిట్లోకి లాక్కెళ్లేది, పాడ్యమి నాడు ఎప్పుడూ కాదు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చినా మింగేశాను, నాకు ఆదివారం ముఖ్యం.

పొద్దు కుంకింది. అందరూ కళ్లు చికిలించి చూస్తున్నారు. పది నిమిషాలు. పదిహేను. నా కళ్లకి దుమ్ము తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"అదిగో! ఆ చెట్టు మీద!"

అందరూ అటు తిరిగారు. దర్జీ గఫూర్ "హా, హా, ఉంది" అన్నాడు. ఇమాం నా వైపు చూసి నవ్వారు. ముసల్మాన్ని కాను కాబట్టి ఈ విషయంలో నా సాక్ష్యం లెక్కలోకి రాదు, అది నాకూ తెలుసు. ఆయన గఫూర్‌ని పక్కకి పిలిచి కొమ్ములు ఎటున్నాయని అడిగారు. పైకి ఉన్నాయన్నాడు గఫూర్. అలాగే ఉండాలి కూడా.

"మబ్బూ దుమ్మూ ఉన్న రోజు కనీసం ఇద్దరు నమ్మకస్తులు చూడాలి," అన్నారు ఇమాం. "ఇంకెవరు చూశారు?"

అందరి చూపూ ముస్తకీం మీద పడింది. ఎనభై అడుగుల ఎత్తు నుంచి కొక్కేన్ని గొలుసులోకి దింపే కళ్లు అతనివి. చూశానంటే చాలు, శనివారం ఖాయం, వాళ్ల నాన్న చోటు ఖాయం. అతను నన్ను చూశాడు, మళ్లీ చెట్టు మీదికి చూశాడు. పెదవులు కదిలాయి. ఔననబోతున్నాడనుకున్నాను.

"నాకు కనిపించలేదు, హజ్రత్."

రాయ్‌పూర్‌కీ నాగ్‌పూర్‌కీ ఫోన్లు చేశారు. అక్కడా కనిపించలేదు. ముప్పై నిండుతాయని ప్రకటించారు. ఒకటో తారీఖు శుక్రవారం, పదో రోజు ఆదివారం పద్దెనిమిది.

మెట్లు దిగుతూ నేను ఆగలేకపోయాను. "ఒక్క మాట అనీసుంటే ఏటయిపోయేదిరా?"

"నాన్న మోసింది పదో రోజున, భయ్యా. నేను అబద్ధం చెప్పి తొమ్మిదో రోజున మోస్తే అది ఆయన చోటెలాగవుతాది? పోన్లే. వచ్చే ఏడు చూద్దాం." ఆ మాటలో నా మీద కోపం లేదు. కోపపడితే బాగుండేది.

మర్నాడు పొద్దు కుంకాక ఇద్దరం సైకిళ్ల మీద వస్తుంటే పడమట చంద్రుడు దర్జాగా నిలబడి ఉన్నాడు. లావుగా, చాలా ఎత్తులో. టీ కొట్టు దగ్గర ఎవరో గొణిగారు: "ఇంత పెద్దదా? ఇది రెండో రోజుది. నిన్నే వచ్చేసింది."

ముస్తకీం సైకిల్ దిగిపోయాడు.

"భయ్యా, నువ్వు నిన్న చూసినావు గదా. నా కళ్లే తప్పాయేమో. అందరి పండగ నేను పాడుచేసినానా?"

ఇంతకన్నా సిగ్గుపడ్డ రోజు నా బతుకులో లేదు.

"నాను సూడలేదురా," అన్నాను. "అక్కడేటీ లేదు. ఆదివారం నాకు కుదరదని అబద్ధమాడినాను. ఇప్పుడు దానికి నలభై గంటల వయసు, లావుగా కాక ఎలాగుంటాది? నీ కళ్లు సరిగ్గానే చూసాయి."

అతను సైకిల్ హ్యాండిల్ మీద తల ఆనించి ఏడ్చాడు. వాళ్ల నాన్న పోయిన రోజు కూడా అతను నా ఎదుట ఏడవలేదు.

ఇంటికెళ్లి జోగమ్మకి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "ముహూర్తం పదింటికి. షిఫ్టు రెండింటికి. తాంబూలాలు మార్చుకున్నాక నువ్వుండి ఏం చేస్తావు? వియ్యంకుణ్ణి నేను చూసుకుంటాను," అంది. ఆదివారం ముస్తకీం డ్యూటీ నేను చేస్తానని ఫోర్‌మన్‌కి కొత్త కాగితం రాసిచ్చాను.

ఆదివారం ఒంటిగంటన్నరకి, వియ్యాలవారు ఇంకా విస్తళ్ల ముందు ఉండగానే సైకిలెక్కాను. సుపేలా దారిలో తాజియా ఎదురొచ్చింది. ముందు ఎడమవైపు ముస్తకీం, కర్ర కింద భుజం, చెమటతో తడిసిన చొక్కా. నన్ను చూశాడు. చేతులు ఖాళీ లేవు. కళ్లతో సలాం చేశాడు.

నా నుదుటి మీద నిశ్చితార్థం కుంకుమ అలాగే ఉంది. సైకిల్ దిగి, తాజియా దాటేదాకా తల వంచుకుని నిలబడ్డాను. తర్వాత అతని డ్యూటీకి వెళ్లాను.