తెర దాటిపోయిన బటన్

అక్షరాలు ఆనడం లేదని నేనే ఫోన్లో ఫాంట్ సైజూ, డిస్‌ప్లే సైజూ రెండూ సివరికంటా లాగేసినాను. దాంతో బైబిల్ యాప్‌లో కిందుండే "తరువాత" బటన్ తెర దాటిపోయింది. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ పేటలో ఆడవాళ్ల ప్రార్థనకి సదివేది నేనే. అడగడానికి నామోషీ. ప్రతి వారం అదే కీర్తన సదివినాను. ఎవరూ ఏటని అడగలేదు.

ఇవాళ కోడలు వినీల కనిపెట్టేసింది.

"ఫాంట్ పెద్దదే ఉంచుతాను అత్తయ్యా. డిస్‌ప్లే సైజు మాత్రం మామూలుకి తెస్తాను. అన్నిటికీ సోటు దొరుకుతాది."

"అక్షరాలు సిన్నవైపోతే ఊరుకోను."

రవ్వంత తగ్గినాయి గానీ, అద్దాలు పెట్టుకుంటే సుబ్బరంగా ఆనినాయి. బటన్ మళ్లీ తెర మీదకొచ్చి కూకుంది.

సాయంత్రం ప్రార్థనలో ఠీవిగా కొత్త కీర్తన సదివినాను. అయ్యాక పక్కింటి సుగుణమ్మ నా సెయ్యి పట్టుకుంది.

"మాకు నోటికి రావాలనే కదక్కా, పాతది అన్ని వారాలు సదివినావు. అందరికీ వచ్చేసినాది. దీన్నీ అలాగే నేర్పించు."

"అందుకే మరి" అన్నాను. నాతో వచ్చిన వినీల కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

బటన్ బాగుపడింది. వచ్చే వారమూ ఇదే కీర్తన సదవాల.