నెలాఖరు బోర్డు

బ్యాగుల దుకాణంలో అక్కది గల్లాపెట్టె, తమ్ముడిది బోర్డు రాత. వెనకగదిలో మిషను ముందు పెద్దాయన. షాపు తెరిచిన నాటి నుంచీ తోలు సంచులు కుట్టేది ఆయనే.

తమ్ముడి బుర్ర పాదరసం. తగ్గించేది అన్నిటిమీదా పావువంతే. కానీ ఎనభై రూపాయల పర్సు మీద "ఇరవై తగ్గింపు" అంటే ఎవడూ తలెత్తడని "ఇరవై అయిదు శాతం" అని రాశాడు. ఆరువేల ప్రయాణపు సంచి దగ్గరేమో శాతం ఊసెత్తకుండా "పదిహేను వందలు తగ్గింపు" అన్నాడు. మొదటిసారి జనం ఎగబడ్డారు. అక్క మురిసిపోయి ప్రతి నెలా ఆఖరి వారం అదే బోర్డు పెట్టించింది.

అదే కొంప ముంచింది. ఇప్పుడు మూడు వారాలు ఈగలు తోలుకోవడం, ఆఖరి వారం ఊపిరాడకపోవడం. వచ్చినవాళ్లు సంచి భుజాన వేసుకుని, అద్దంలో చూసుకుని, "బోర్డు ఎప్పుడండీ?" అని వెళ్లిపోతారు. ఏడాదిలో ఆరువేలకి అమ్ముడైన సంచులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"ఇలాగైతే జీతం గిట్టదు, పెద్దాయన్ని మాన్పించాల్సిందే అక్కా" అన్నాడు తమ్ముడు.

"ఆయన్ని కాదు, నీ బోర్డుని మాన్పిస్తా" అంది అక్క. అనేసింది కానీ, ఒంట్లో ఓపిక లేదు. బేరాలకి జవాబు చెప్పీ చెప్పీ గొంతు కూడా అరిగిపోయింది.

ఆ నెలాఖరున బోర్డు లేదు. గుమ్మం దాకా వచ్చినవాళ్లు ఖాళీ గోడ చూసి వెనక్కి తిరిగారు. నాలుగో రోజు పెద్దాయన మిషను ఆపి వచ్చి నిలబడ్డాడు.

"మా పాప హాస్టలుకి వెళ్తోందమ్మా. సంచి కావాలి. బోర్డు ఎప్పుడు పెడతారు?"

"అది మీరు కుట్టిందే కదా పెద్దాయనా. దాని విలువ మీకు తెలీదా?"

"తెలుసమ్మా. కానీ ఆరువేలు ఇవ్వాలంటే చెయ్యి రావట్లేదు. నెలనెలా నాలుగున్నర వేలకి పోతుంటే చూస్తున్నాగా."

ఊరికే ఇస్తానంది. ఆయన ససేమిరా అన్నాడు.

అక్కకి అప్పుడర్థమైంది. తప్పు జనానిది కాదు, ఆరువేలు అబద్ధమని తానే నెలకోసారి చాటింపు వేసింది. చివరికి తోలు ఖర్చూ ఆయన జీతమూ గిట్టేలా లెక్క కట్టి, సంచులన్నిటికీ పాత ధర చీటీలు పీకేసి అయిదువేలు అని రాసింది.

"ఇకనుంచి ఏ రోజైనా ఇదే ధర పెద్దాయనా. బోర్డు లేదు, ఎదురుచూడ్డం లేదు. మీ పని నిలబడాలంటే ఇదొక్కటే దారి."

పెద్దాయన చీటీ కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. మంచి పని చేశారన్నట్టు తలూపాడు. తర్వాత కాస్త మొహమాటంగా అడిగాడు.

"మరి ఇందులో ఎంత తగ్గుతుందమ్మా?"