పాతికకు మించని బండి

కర్ణాటకలోని బాగేపల్లిలో రిజిస్ట్రారు కచేరీ ముందర అర్జీలు, పత్రాలు రాసేవాళ్ళు ఆరుగురు. గేటు పక్క నీడలో ఒక్క మేజాకే చోటు. పొద్దున్నే ఎవడు ముందొచ్చి మేజా వేస్తే ఆ రోజుకు ఆ చోటు వాడిదే. పల్లెల నుంచి వచ్చే రైతు మొదట కనబడినవాడి దగ్గరే కూర్చుంటాడు. కాబట్టి ఆ చోటంటే అన్నం.

పదకొండేళ్ళు ఆ అన్నం మంజునాథ తిన్నాడు. ఆరు కిలోమీటర్లు సైకిలు తొక్కి అందరికంటే ముందు వచ్చేవాడు. ఇప్పుడు మోకాలు అరిగింది. సరిగ్గా అప్పుడే నందీశ్ కరెంటు సైకిలు కొన్నాడు. మంజునాథ దగ్గర క్రయపత్రం రాయడం నేర్చుకున్న నందీశ్! చెమట పట్టకుండా దిగి, గేటు పక్క కాలు మీద కాలు వేసుకొని కూర్చుంటాడు. అది చూసిన రోజే మంజునాథ తనూ కరెంటు బండి కొనాలనుకున్నాడు.

ఆదివారం పెళ్ళాం పుట్టమ్మను వెంటబెట్టుకొని చింతామణిలో ఆదినారాయణప్ప అంగడికి పోయాడు.

"అన్నిటికంటే పెద్దది చూపించప్పా."

"ఇదో, ఎనిమిదివందల వాట్ల మోటారు. నలభై ఐదులో పోతాది."

"నందీశ్‌ది ఎంత?"

"రెండువందల యాభై లోపల."

"ఇదే ఇయ్యి."

"లైసెన్సు ఉండాదా?"

మంజునాథకు లేదు. ఎడమ కన్ను మసక. లైసెన్సుకు పోతే రెండుసార్లు తిప్పి పంపించారు.

"మోటారు రెండువందల యాభై వాట్ల లోపల ఉండాల, వేగం పాతిక దాటకూడదు. అప్పుడే సైకిలు కింద లెక్క. నంబరొద్దు, లైసెన్సొద్దు, ఇన్సూరెన్సొద్దు. దాటిందంటే మోటారు బండే," అన్నాడు ఆదినారాయణప్ప. "చిన్నదానికి ఎత్తు వస్తే కొంచెం తొక్కల్ల. అంతే."

"బ్యాటరీ?"

"సీసం బ్యాటరీలు మూడు, ఒకే డబ్బాలో. కాగితం మీద నలభై కిలోమీటర్లు. నువ్వు ఇరవై అనుకో. నీకు పోనూ రానూ పన్నెండే కదా. చార్జికి ఏడెనిమిది గంటలు, కరెంటు ఉంటే. ఏడాది, ఏడాదిన్నరకు మార్చాల. పెద్ద బండి బ్యాటరీ ఊడదీసి నువ్వు ఎత్తలేవు. ఇది ఎత్తొచ్చు, పదమూడు కేజీలు. బండిలో వదిలి పోవద్దు సుమా. దొంగలకు బండి అక్కర్లేదు, సీసం తూకానికి అమ్ముకుంటారు."

మంజునాథ ఇంకా పెద్ద బండినే తడుముతున్నాడు. పుట్టమ్మకు ఒళ్ళు మండింది.

"నీకు కచేరీకి పోయే బండి కావాల్నా, నందీశ్ మొగం మాడ్చే బండి కావాల్నా?"

చిన్నదే కొన్నాడు. నందీశ్‌ది ఎలాంటిదో అచ్చం అలాంటిదే. అది ఇంకా మంట.

నాలుగు రోజులు గేటు పక్క చోటు దక్కింది. ఐదోరోజు మిట్టేమరి దారిలో నందీశ్ గాలిలా దాటిపోయాడు. వేగాన్ని ఆపే వైరు ఎవడి చేతనో కత్తిరించుకున్నాడట. ముప్పై ఐదు కొడుతోంది. మంజునాథ బ్యాటరీ డబ్బా మోసుకుంటూ ఆలస్యంగా వస్తే అందరి ముందూ నవ్వాడు.

"ఏం మంజునాథన్నా, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్లు ఎత్తుకొస్తాండావే! పాలు పట్టినావా?"

మంజునాథ డబ్బాను మేజా కింద పెట్టి, పళ్ళు కొరుక్కున్నాడు.

బుధవారం మధ్యాహ్నం నందీశ్ లోపల సాక్షులతో వేలిముద్రలు వేయిస్తున్నాడు. గోడ పక్క వాడి బండి దగ్గర ఖాకీ చొక్కావాడొకడు వంగి, డబ్బా తాళం పెకలిస్తున్నాడు. మంజునాథ కుడికన్నుకు అంతా స్పష్టంగా కనిపించింది. మెకానిక్కేమో అనుకున్నాడు. కాదని తెలిసే అనుకున్నాడు. ఒక్క కేక చాలు. రేపటి గేటు పక్క చోటు కళ్ళముందు మెదిలింది. తల వంచి, రాస్తున్న పత్రంలో పొలం నాలుగు దిక్కుల హద్దులు, చెక్కుబందీ, మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాడు. తలెత్తేసరికి ఖాకీ చొక్కా లేదు, డబ్బా లేదు.

మరుసటిరోజు గేటు పక్క నీడ మంజునాథది. ఎనిమిదిన్నరకు నందీశ్ ఆ బరువు బండిని తొక్కుకుంటూ, ఒళ్ళంతా చెమటతో వచ్చాడు. సంతోషం వస్తుందని చూశాడు మంజునాథ. కొంచెం వచ్చింది కూడా.

నందీశ్ తన మేజా వేసుకోలేదు. వచ్చి రైతులు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. ఎవడి అర్జీ వాడే రాసుకుంటే పని కాదని ఆ ఆరుగురికీ గట్టి నమ్మకం.

"అన్నా, బ్యాటరీ పోయిందని పోలీసులకు దూరు నువ్వే రాయల్ల. నీ చెయ్యి మంచిది."

మంజునాథ కాగితం తీసుకొని కన్నడంలో రాయడం మొదలుపెట్టాడు. బండి రంగు, రోజు, పొద్దు. పోయింది బ్యాటరీ. వైరు కత్తిరించిన సంగతి రాయాలని వేలు తీటపెట్టింది. రాయలేదు. చివరికి సాక్షుల గీత వచ్చింది.

"ఎవురూ చూసుండరులే, వదిలెయ్ అన్నా."

కలం ఆగింది. పక్క మేజాలవాళ్ళు ఇటే చూస్తున్నారు. మంజునాథ తన పేరు, తండ్రి పేరు, ఊరు రాసి, కాగితం తిప్పి నందీశ్ ముందు పెట్టాడు.

నందీశ్ చదివాడు. మళ్ళీ చదివాడు.

"చూసినావా?"

"చూసినా."

"మరి అరవలేదే?"

"అరిస్తే ఈ పొద్దు ఈడ నువ్వు కూర్చునేవాడివి," అన్నాడు మంజునాథ. "సంతకం పెట్టు."