పీసు మార్చిస్తాం

మా షాపులో బీపీ మిషన్లు, థర్మామీటర్లు, చేతికి కట్టుకుంటే నాడి చూపించే గడియారాలు అమ్ముతాం. బేరం నాది, బిల్లు మా ఆయనది. సరుకు వెనక్కి తెచ్చేవాళ్ళు రెండు రకాలు. వాడడం రాక తెచ్చేవాళ్ళకి నేను నేర్పి పంపుతాను. వచ్చిన అంకె నచ్చక తెచ్చేవాళ్ళకి మా ఆయన పీసు మార్చి ఇస్తాడు. గొడవ వదిలిపోతుందంటాడు.

పాప పుట్టాక నేను ఇంటిపట్టున ఉండిపోయాను. అలవాటు కొద్దీ గడియారం చేతికే ఉంచుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు తొంభైకి దగ్గరగా ఉండే నాడి, కాన్పయ్యాక అరవై నాలుగుకి దిగింది. మొదట్లో అలా తగ్గడం మామూలేననీ, మెల్లగా పాత లెక్కకి వస్తుందనీ నర్సు ముందే చెప్పింది. నా పాత లెక్క డెబ్బై రెండు. పాప ఏడుపుకి ఉలిక్కిపడి లేస్తే తొంభై దాటేది. పాలు పడుతూ కుదురుగా కూర్చుంటే ఒళ్ళు సడలి మళ్ళీ దిగేది. ఎక్కింది దిగుతోంది, ఇక చింతేముంది?

నాలుగో వారంలో దిగడం మానేసింది. కదలకుండా పాలిస్తున్నా నూట పన్నెండు.

మా ఆయన నా మణికట్టు తిప్పి చూశాడు. ‘‘ఈ బ్యాచిలో ఏదో తేడా ఉంది. వేరేది తెస్తాలే.’’

రెండోదీ అంతే చూపించింది.

‘‘ఇది షోకేసు అద్దాల్లో పెట్టిన పీసు. ఎండకి పాడైనట్టుంది.’’

మూడోదాన్ని సీలు విప్పి ముందు తన చేతికి కట్టుకున్నాడు. డెబ్బై నాలుగు. ‘‘చూశావా, ఎంత కరెక్టుగా చూపిస్తోందో!’’ అని విప్పి నాకు కట్టాడు. నూట పద్నాలుగు.

‘‘ఇప్పుడేమంటారు?’’ అన్నాను.

‘‘నీ చెయ్యి సన్నబడింది. పట్టీ లూజు.’’

మూడు పీసులు ఒకే మాట చెబుతుంటే మనిషిని అనుమానించాలి గానీ సరుకునా? గోడ గడియారం చూస్తూ వేళ్ళతో నేనే నాడి పట్టి నిమిషం లెక్కపెట్టాను. అదే లెక్క.

‘‘నిద్ర లేకపోతే గుండె దడే మరి,’’ అంది అత్తయ్య. ‘‘మేం కనలేదూ? అప్పుడీ గడియారాల గోల ఉంటేనా!’’

‘‘పడుకుంటే ఆయాసమొస్తోంది అత్తయ్యా. కాళ్ళు కూడా చూడండి, చెప్పులు పట్టడం లేదు.’’

‘‘పచ్చి బాలింతవి, వాపు రాదా?’’

ఆసుపత్రికి పోదామంటే మా ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. ‘‘పాప టీకాకి ఎలాగూ వెళ్ళాలిగా. రెండు పనులూ ఒకే తిరుగుడులో అయిపోతాయి.’’ సరుకు రవాణా అనుకున్నాడు.

టీకా రోజు దాకా నేను ఆగలేకపోయాను. మర్నాడు పొద్దున పాపనెత్తుకుని ఆటో ఎక్కేశాను. డాక్టరమ్మ నన్ను కాసేపు ఊరికే కూర్చోబెట్టి, అప్పుడు నాడి చూసింది. నూట పద్దెనిమిది. వెంటనే గుండెకి స్కాను రాసింది. గుండె కండరం బలహీనపడిందని అందులో తేలింది. రక్తం పంపు చెయ్యాల్సిన దాంట్లో సగమే చేస్తోందట.

మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. ‘‘నిద్ర లేదు కదండీ, అందుకేమో అనుకున్నాం.’’

‘‘నిద్ర లేకపోతే కాస్త పెరుగుతుంది,’’ అందావిడ. ‘‘ఊరికే కూర్చున్నా వంద పైనే ఉంటే, అదీ పదే పదే, నిద్ర మీదకి నెట్టేస్తారా? పైగా ఆయాసం, వాపు! అవి కనిపించిన పూటే తీసుకురావాలి.’’

నేను ఒక్కటే అడిగాను. ‘‘పాలు ఇవ్వొచ్చాండీ?’’

‘‘ఇవ్వొచ్చమ్మా. అందుకు సరిపడే మందులే రాస్తాను. రెండో బిడ్డ సంగతి మాత్రం నన్నడక్కుండా అనుకోవద్దు.’’

ఇంటికొచ్చాక అత్తయ్య దిండ్లు సర్దింది. ఆయన మూడు గడియారాలనూ తుడిచి, మళ్ళీ పెట్టెల్లో పెట్టి షాపుకి పట్టుకెళ్ళాడు. మంచి పీసులట.

పాప పాకే వేళకి నేను మళ్ళీ కౌంటర్ దగ్గర కూర్చున్నాను. ఒక పెద్దాయన గడియారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

‘‘ఎక్కువ చూపిస్తోందమ్మా. మార్చివ్వండి.’’

‘‘ఎవరికి?’’

‘‘మా అమ్మాయికి. కాన్పై నెలైంది.’’

నా చేతికి కట్టుకుని చూశాను. డెబ్బై. వేళ్ళతో లెక్కపెట్టినా అంతే.

‘‘పీసు బాగుంది బాబాయ్. అమ్మాయికి ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఎక్కువేనా? అయితే ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.’’

‘‘నిద్ర లేక అలా ఉంది, అంతే! నేనొచ్చింది పీసు కోసం, నీ వైద్యం కోసం కాదు.’’

మా ఆయన లోపలినుంచి వచ్చాడు. నా మొహం చూసి, అందుకోబోయిన కొత్త పెట్టెని మళ్ళీ అరలో పెట్టేశాడు. ‘‘మార్చం. ముందు అమ్మాయిని చూపించండి,’’ అన్నాను.

పెద్దాయన గడియారం లాక్కుని విసవిసా రోడ్డు దాటాడు. ఎదురు షాపులోనూ అదే కంపెనీ సరుకు. కౌంటర్ వదిలి నేను గుమ్మందాకా వెళ్ళాను. అక్కడి కుర్రాడు నవ్వుతూ పాతది తీసుకుని, కొత్త పెట్టె విప్పుతున్నాడు.

‘‘బాబాయ్!’’ అని అరిచాను. బస్సు అడ్డమొచ్చింది. అది కదిలేసరికి మనిషి లేడు.